డైలాగు అందిందా? గడియారం చెప్పని లెక్క!

సినిమా హిట్టా, ఫట్టా అని తేల్చడానికి ఒకప్పుడు మన చేతిలో ఉన్న కొలబద్ద ఒక్కటే. ఎన్ని రోజులు ఆడింది? యాభై రోజులా, శత దినోత్సవమా, సిల్వర్ జూబ్లీయా? పోస్టరు మీద అంకె చూస్తే చాలు, అభిమానికి కడుపు నిండిపోయేది.

ఇప్పుడు సగం సినిమాలు ఇంట్లోనే, అరచేతిలో ఫోన్లోనే ఆడుతున్నాయి కదా! అక్కడ శత దినోత్సవాలు లేవు. అక్కడి కొలబద్ద పేరు ‘వాచ్ టైమ్’. ఎంతమంది, ఎన్ని నిమిషాలు చూశారు అన్నదే లెక్క. ఏ సినిమా కొనాలి, ఏ సీరీస్ ఆపెయ్యాలి, దేనికి ఎంత ఖర్చు పెట్టాలి అన్నవన్నీ ఆ నిమిషాల మీదే నడుస్తాయి.

సరే, మరి చెవి వినబడని ప్రేక్షకుడి మాటేమిటి? అతను సినిమాను తెర అడుగున వచ్చే అక్షరాల సాయంతో చూస్తాడు. వాటినే క్యాప్షన్లు అంటారు. మామూలు సబ్‌టైటిల్స్ డైలాగు ఒక్కటే చెబుతాయి. క్యాప్షన్లు ఆ డైలాగు ఎవరిదో చెబుతాయి. తలుపు కొట్టిన చప్పుడు, దూరంగా రైలు కూత కూడా చెబుతాయి. ఇంకొందరికి చెవి పూర్తిగా పోదు, మందగిస్తుంది. వాళ్ళకు క్యాప్షన్ల కంటే డైలాగు స్పష్టంగా వినబడటం ముఖ్యం.

ఒక కంపెనీ ఈ రెండింటినీ బాగుచేసిందనుకుందాం. ఆరు నెలల తర్వాత పెద్దాయన అడుగుతాడు: “ఖర్చు పెట్టాం, బాగుంది. వాచ్ టైమ్ పెరిగిందా?” పెరగలేదని కాగితం మీద కనిపిస్తే వచ్చే ఏడు ఆ ఖర్చుకు కత్తెర పడుతుంది. అందుకే ఆ ఒక్క అంకె ఎలా పుడుతుందో తెలుసుకుందామని నాచారంలోనూ, ఉప్పల్‌లోనూ నాలుగు రోజులు తిరిగాను. తెలిసిందేమిటంటే, బాగుచేసిన పని నిజంగా ఫలించినప్పుడు కూడా ఆ అంకె పడిపోవచ్చు!

నాచారంలో ఒక తమ్ముడు

నాచారం అనగానే సినిమా వాళ్ళకు ఎన్టీఆర్ గారి రామకృష్ణా స్టూడియో గుర్తొస్తుంది. ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టు మారే వేళ సైకిళ్ళ మీద, బైకుల మీద వచ్చే కుర్రాళ్ళకు మాత్రం ఫోన్లో ఉన్న సినిమానే స్టూడియో. వాళ్ళలో ఒకతను పుట్టు చెవిటి. లేతు మిషన్ మీద పని. తెలుగు బాగా చదువుతాడు. అతని మాటలు నాకు వాళ్ళక్క చెప్పింది.

“అన్నా, వీనికి సిన్మా అంటే పానం. గని అక్షరాలు గిట్ల వచ్చి గట్ల పోతయ్. మల్ల ఎన్కకు జరుపుతడు. మల్ల సూస్తడు. పది నిమిషాల సీను పావుగంట సూస్తడు!” అంది నవ్వుతూ.

తమ్ముడు నా పక్కన కూర్చుని ఒక సినిమా పెట్టాడు. ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకునే సీను. ఒకరి మాట మీద ఒకరు పడుతున్నారు. అక్షరాలు మాత్రం వరసగా వస్తున్నాయి, ఏది ఎవరన్నారో లేదు. తమ్ముడి బొటనవేలు తెర ఎడమ పక్కన టకటకా రెండుసార్లు కొట్టింది. సినిమా పది సెకన్లు వెనక్కి వెళ్ళింది. మళ్ళీ చూశాడు. మళ్ళీ కొట్టాడు. ఆ వేలును చూస్తూ కూర్చున్న నాకు ఈ కథలో అసలు సాక్షి అదే అనిపించింది. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

తెలుగు క్యాప్షన్లకు ఒక సొంత చిక్కు కూడా ఉంది. మనిషి కన్ను సెకనుకు ఇన్ని అక్షరాలే చదవగలదని క్యాప్షన్లు తయారుచేసేవాళ్ళు ఒక హద్దు పెట్టుకుంటారు. ఆ లెక్క చూసేది కంప్యూటరు. ‘లక్ష్మి’ అన్న మాట తీసుకోండి. మన కంటికి రెండే అక్షరాలు. కంప్యూటరు లోపల మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి... మొత్తం ఏడు! ఇంగ్లీషుకు పెట్టిన హద్దునే తెలుగుకూ పెడితే, హాయిగా చదవగలిగే వాక్యాన్ని కూడా అది ‘మరీ పొడుగు’ అంటుంది. అప్పుడు రాసేవాడు ఏం చేస్తాడు? డైలాగు కోస్తాడు. విలన్ నోట పది మాటలు వస్తే తెర మీద ఆరే కనిపిస్తాయి. పెదవుల కదలిక కాస్తో కూస్తో పట్టుకునే ప్రేక్షకుడికి తనకేదో దాచారని ఇట్టే తెలిసిపోతుంది.

ఇక వత్తుల సంగతి. తెలుగులో వత్తు కింద కూర్చుంటుంది, గుడి పైన కూర్చుంటుంది. ఇంగ్లీషు అక్షరాల కోసం కొలిచిన జానెడు జాగాలో రెండు వరసల తెలుగు కుక్కితే, పై వరస వత్తులు కింది వరస గుళ్ళను తాకుతాయి. బాగుచేయడమంటే ఇవన్నీ సరిచేయడమే. వరసల మధ్య జాగా పెంచాలి. ఎవరు మాట్లాడుతున్నారో పేరు వేయాలి. అక్షరాల లెక్క తెలుగు కంటికి తగ్గట్టు మార్చాలి. మాట మొదలైనప్పుడే అక్షరం రావాలి.

ఉప్పల్‌లో ఒక నాన్నగారు

నాచారం నుంచి ఉప్పల్‌కు ఎంతో దూరం లేదు. అక్కడ నాకో మిత్రుడున్నాడు. ఒక వీడియో కంపెనీలో ఈ నిమిషాల లెక్కలు చూడటమే అతని ఉద్యోగం. కంపెనీ పేరు వద్దన్నాడు, నేనూ రాయడం లేదు. వాళ్ళ నాన్నగారు రిటైరయ్యారు. చెవికి మిషన్ పెట్టుకుంటారు. ఆయన టీవీ చూసే తీరు ఒక తమాషా. రిమోట్ చేతిలోంచి కింద పెట్టరు. డైలాగు వస్తే సౌండు పెంచుతారు, ఫైటు రాగానే తగ్గిస్తారు.

“ఒరేయ్, హీరో గొణుగుతాడు. వెనకాల డ్రమ్ములవాడు మాత్రం గోల చేస్తాడు. నాకు చెముడా, వాళ్ళకు చెముడా?” అన్నారాయన.

“మీకే నాన్నగారూ! కానీ తప్పు వాళ్ళది కూడా” అన్నాడు మా మిత్రుడు.

తప్పు ఎక్కడుందో చెబుతాను. ఇప్పటి సినిమాలను థియేటరు కోసం ఆరు దారుల శబ్దంగా మిక్స్ చేస్తారు. అందులో డైలాగు ఎక్కువగా తెర వెనక మధ్య స్పీకర్లోంచి వస్తుంది. సంగీతం, ఎఫెక్ట్స్ పక్కలనుంచీ వెనకనుంచీ వస్తాయి. దాన్ని ఇంట్లో రెండు స్పీకర్ల టీవీలోకో ఫోన్లోకో దించేటప్పుడు అన్ని దారుల్నీ కలిపి రెండు చేస్తారు. ఆ కలపడంలో డైలాగుకు సొంత చోటు పోతుంది. సంగీతం దాని మీద వచ్చి కూర్చుంటుంది. వినికిడి మిషన్ ఏం చేస్తుంది? ఆ కలిసిపోయిన మోతనంతా పెంచుతుంది. మాటనొక్కదాన్నే ఏరి ఇవ్వడం దానికి కష్టం.

మందు తేలికే. డైలాగు ట్రాకు వేరుగా ఉంటే దాన్ని కాస్త పైకి లేపి, మిగతాదాన్ని కాస్త కిందకు దించితే సరి. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియో తన సొంత నిర్మాణాలు కొన్నిటికి ‘డైలాగ్ బూస్ట్’ అనే మీట పెట్టింది ఇందుకే. కొత్త సినిమాలకు డబ్బింగ్ కోసం సంగీతం, ఎఫెక్ట్స్ ఎలాగూ వేరే ట్రాకుగా దాస్తారు కాబట్టి ఈ పని కుదురుతుంది. పాత సినిమాల్లో శబ్దమంతా ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటుంది. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కొండవీటి వెంకటకవి గారి డైలాగును విడిగా పైకి లేపాలంటే అంత సులువుగా కుదరదు. అలాంటి సినిమాకు మంచి క్యాప్షన్లే దిక్కు!

పన్నెండు నిమిషాలైన పది నిమిషాలు

ఇక లెక్కలోకి వద్దాం. మా మిత్రుడు కాగితం తీశాడు. అంకెలు వాళ్ళ కంపెనీవి కావు. మనకు తేలిగ్గా అర్థం కావాలని వేసిన ఉత్త అంకెలు.

మనం సినిమా చూస్తుంటే ఆ యాప్ ఒక చిట్టా రాసుకుంటూ ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు, ఎన్నిసార్లు వెనక్కి జరిపారు, క్యాప్షన్లు పెట్టారా తీశారా... అన్నీ. అందులోంచి బొమ్మ ఆడిన నిమిషాలు కూడితే వాచ్ టైమ్. సినిమాను ఆపి ఉంచిన సమయాన్ని తీసేసినా, వెనక్కి జరిపి రెండోసారి చూసింది మాత్రం అందులోనే కలుస్తుంది.

నాచారం తమ్ముడి బొటనవేలు గుర్తుందా? పది నిమిషాల సీనులో అతను పన్నెండు సార్లు పదేసి సెకన్లు వెనక్కి జరిపాడనుకోండి. నూట ఇరవై సెకన్లు, అంటే రెండు నిమిషాలు. చిట్టాలో ఆ సీను పన్నెండు నిమిషాలుగా పడుతుంది. ఆ లెక్కన 150 నిమిషాల సినిమా మొత్తం చూస్తే 180 నిమిషాలు. ఇప్పుడు క్యాప్షన్లు బాగుపడ్డాయి. వెనక్కి జరపాల్సిన పని లేదు. అదే సినిమా 150 నిమిషాల్లో పూర్తయింది. పెద్దాయన ముందు పెట్టే కాగితంలో ఏముంటుంది? వాచ్ టైమ్ అరగంట తగ్గింది! తమ్ముడు ఎప్పుడూ లేనంత హాయిగా సినిమా చూసిన రోజున కాగితం అతనికి సినిమా మీద మోజు తగ్గిందంటోంది.

ఇంకో రకం చూడండి. షిఫ్టు దిగి వచ్చి రాత్రి సరిగ్గా గంటే చూసేవాడున్నాడు. పాత క్యాప్షన్లతో ఆ గంటలో 50 నిమిషాల కథే అందేది. కొత్తవాటితో 60 నిమిషాల కథ అందుతుంది. చిట్టాలో మాత్రం అప్పుడూ 60, ఇప్పుడూ 60. ‘ఏ మార్పూ లేదు’ అని రాసేస్తారు.

“అందుకే మేము గడియారం నిమిషాలు పక్కన పెట్టి, సినిమా నిమిషాలు లెక్కపెట్టాలి” అన్నాడు మా మిత్రుడు. అంటే సినిమాలో ఒకసారి దాటిన నిమిషాన్ని ఒక్కసారే లెక్కలోకి తీసుకోవాలి. దాని పక్కనే ఇంకో గీత గీయాలి: పది నిమిషాలకు ఎన్నిసార్లు వెనక్కి జరిపారు? సినిమా నిమిషాలు పెరిగి, వెనక్కి జరపడం తగ్గితే పని ఫలించినట్టు. వెనక్కి జరపడం తగ్గింది, సినిమా నిమిషాలు కూడా తగ్గాయంటే అనుమానించాలి. ప్రేక్షకుడు విసిగిపోయి మధ్యలోనే లేచిపోయాడేమో!

వందమందిలోకి మూడువందలమంది

రెండో ఉచ్చు ఇంకా గమ్మత్తైనది. ‘క్యాప్షన్లు పెట్టుకుని చూసినవాళ్ళు సగటున ఎంతసేపు చూశారు?’ అని నిరుడూ ఈ ఏడూ అడిగి, రెంటినీ పోల్చడం అందరూ చేసేదే. అందులో మోసం ఉంది.

నిరుడు క్యాప్షన్లు అధ్వాన్నంగా ఉన్నప్పుడు వాటిని ఎవరు భరించారు? అవి లేకపోతే గడవనివాళ్ళు. అలాంటివాళ్ళు వందమంది, ఒక్కొక్కరు రోజుకు 40 నిమిషాలు చూసేవారనుకుందాం. క్యాప్షన్లు బాగుపడ్డాక వాళ్ళు 46 నిమిషాలు చూడసాగారు. శుభం! కానీ బాగుపడిన క్యాప్షన్లను చూసి మామూలు చెవులున్నవాళ్ళు కూడా మూడువందలమంది వాటిని పెట్టుకున్నారు. పసిపిల్ల నిద్రపోతోందని సౌండు తగ్గించుకున్న తల్లి, మెట్రోలో ఇయర్‌ఫోన్లు మర్చిపోయిన కాలేజీ కుర్రాడు, తెలుగు చదవడం నేర్చుకుంటున్న అమ్మాయి... వీళ్ళు రోజుకు 25 నిమిషాలే చూస్తారు. ఇప్పుడు నాలుగువందల మందినీ కలిపి సగటు తీయండి. వంద నలభైఆర్లు 4,600. మూడువందల ఇరవైఐదులు 7,500. మొత్తం 12,100 నిమిషాలు. నాలుగువందలతో భాగిస్తే 30 చిల్లర.

నిరుడు 40, ఈ ఏడు 30! నిజానికి ఎవరి కోసం పని చేశామో వాళ్ళు ఆరు నిమిషాలు ఎక్కువ చూశారు. వాళ్ళ గెలుపు కొత్తగా వచ్చిన జనంలో మునిగిపోయింది.

విరుగుడు ఏమిటంటే, మార్పు చేయకముందే జాబితా రాసి పెట్టుకోవాలి. గడచిన రెండు నెలల్లో దాదాపు ఎప్పుడూ క్యాప్షన్లతోనే చూసినవాళ్ళెవరు? ముఖ్యంగా *తెలుగు సినిమాను తెలుగు క్యాప్షన్లతో* చూసినవాళ్ళెవరు? కొరియా సీరీస్‌కు క్యాప్షన్లు అందరూ పెడతారు. సొంత భాష సినిమాకు రోజూ పెట్టుకునేవాడికి అవసరం ఉండే అవకాశం ఎక్కువ. ఆ జాబితా మూసేసి, తర్వాత కూడా వాళ్ళనే చూడాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు వేరే జాబితా.

ఇది కూడా పరిపూర్ణం కాదు. పాత క్యాప్షన్లతో విసిగి యాప్ తీసేసినవాళ్ళు ఆ జాబితాలో ఉండరు. వాళ్ళు ఇప్పుడు తిరిగొస్తే ‘కొత్తవాళ్ళ’లో పడతారు. నిజానికి అందరికంటే ఎక్కువ మేలు పొందింది వాళ్ళే కావచ్చు. అందుకే చాలాకాలం మాయమై తిరిగొచ్చి, వచ్చీ రాగానే క్యాప్షన్లు పెట్టుకున్నవాళ్ళను విడిగా చూడాలంటాడు మా మిత్రుడు. ఇంట్లో నలుగురికీ ఒకే అకౌంటు ఉంటే ఇంకో తంటా. అక్క చూసిన నిమిషాలు తమ్ముడి ఖాతాలో పడతాయి.

సంక్రాంతి చేసిన మేలు

సరే, జాబితాలోని వందమంది 40 నుంచి 46కు వెళ్ళారు. ఆరు నిమిషాలూ క్యాప్షన్ల చలవేనా? ఆగండి! ఆ నెలలోనే సంక్రాంతి సినిమా ఒకటి ఇంటి తెర మీదకు వచ్చింది. క్యాప్షన్లు ఎన్నడూ పెట్టుకోనివాళ్ళు కూడా 50 నుంచి 53కు పెరిగారు. అంటే మూడు నిమిషాలు పండగవి, మిగిలిన మూడే మనవి.

అంతకంటే నిక్కచ్చి దారి ఒకటుంది. అవసరమున్న ఆ వందమందినీ చీటీలు తీసి యాభై యాభైగా విడదీయాలి. సగం మందికి కొత్త క్యాప్షన్లు ఈ నెల, మిగతా సగానికి వచ్చే నెల ఇవ్వాలి. పండగ ఇద్దరికీ ఒకటే, సినిమాలు ఇద్దరికీ ఒకటే. తేడా వస్తే అది క్యాప్షన్లదే. శబ్దం బాగుచేసిన సంగతి కూడా ఇలాగే విడిగా చూడాలి. రెండూ ఒకేరోజు మారిస్తే తమ్ముడికి మేలు చేసింది ఏదో, నాన్నగారికి మేలు చేసింది ఏదో తేలదు. పుట్టు చెవిటివాడికి డైలాగు ఎంత పైకి లేపినా ఒరిగేదేముంది? ఇద్దరినీ ఒక సంచిలో వేసి సగటు తీస్తే, నాన్నగారికి కలిగిన మేలు సగానికి సగం పలచబడిపోతుంది.

ఇందులోనూ ఒక హద్దుంది. యాభైమంది అంటే చిన్న గుంపు. ఇద్దరికి జ్వరం వచ్చి వారం చూడకపోయినా, ఇద్దరు సెలవులకు ఊరెళ్ళినా ఆ వారం సగటు ఒకటి రెండు నిమిషాలు ఊగిపోతుంది. మూడు నిమిషాల తేడా చూసి ఒక్క నెలకే జేజేలు కొట్టకూడదు, ఒక్క నెలకే కత్తెరా తీయకూడదు. ఎవరి నిమిషాలను వారి పాత నిమిషాలతోనే పోలుస్తూ, ఇంకొన్ని నెలలు, ఇంకొన్ని సినిమాలు చూడాలి.

ఎవరివి, ఏ నిమిషాలు?

చట్టం ఈ పక్కకు వచ్చే ఉంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం క్యాప్షన్ల మాట చెప్పింది. 2023 జనవరిలో ‘పఠాన్’ విడుదలకు ముందు ఢిల్లీ హైకోర్టు, ఓటీటీలో వచ్చేసరికి ఆ సినిమాకు హిందీ క్యాప్షన్లు, చూపులేనివారి కోసం ఆడియో వర్ణన ఉండాలంది. 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ థియేటర్లలో ఆడే సినిమాలకూ ఇలాంటి సదుపాయాల మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ క్యాప్షన్లు ‘ఉన్నాయి’ అనడానికి వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కిన రెండు వరసలున్నా చాలు. అవి ‘బాగున్నాయి’ అని తేల్చాల్సింది ఈ నిమిషాల చిట్టానే. చిట్టా తప్పుగా చదివితే బాగున్నవాటికే బడ్జెట్ తెగుతుంది.

నాచారం తమ్ముణ్ణి ఆఖరున ఒక మాట అడిగాను. క్యాప్షన్లు బాగుంటే రోజూ ఇంకా ఎక్కువసేపు చూస్తావా అని. అతను చేతులతో గబగబా ఏదో చెప్పాడు. వాళ్ళక్క పకపకా నవ్వి అంది: “ఎక్కువెందుకు సూస్తడన్నా? పొద్దుగాల షిఫ్టు లేదా! జల్ది అయిపోతే జల్ది పంటనంటుండు.”

కాబట్టి పాఠకులారా, ఈసారి ఏ కంపెనీ అయినా ‘వాచ్ టైమ్ పెరిగింది’ అని డప్పు కొట్టినా, ‘పెరగలేదు, ఈ ఖర్చు దండగ’ అని మూతి విరిచినా రెండే రెండు ప్రశ్నలు వేయండి. ఎవరి నిమిషాలు? అవి గడియారం నిమిషాలా, సినిమా నిమిషాలా? ఈ రెండింటికీ జవాబు లేకపోతే ఆ అంకె పోస్టరు మీద వేసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు!